పాస్‌బుక్‌లో తగ్గినట్టు కనిపించే డివిడెండ్

చిరంజీవి శ్రీనుకి,

మీ అమ్మ ఐటీసీ షేర్లకు డివిడెండ్ బాగా తగ్గిపోయిందనీ, అమ్మేద్దామా అనీ రాశావు. నువ్వు పంపిన కాగితం చూశాను. తగ్గింది డివిడెండ్ కాదు, నీ లెక్క పక్కదారి పట్టింది.

బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచి రాయడం మంచి పనే. కాకపోతే డబ్బు పడిన తేదీ పక్కన, అది ఏ ఏడాది లాభం మీద ఇచ్చిందో ఇంకో గడిలో రాయి. ఐటీసీ 2020 సెప్టెంబరులో షేరుకు 10.15 రూపాయలు ఇచ్చింది. అది అంతకుముందు ఏడాది, అంటే 2019-20ది. 2021 మార్చిలో పడిన 5 రూపాయలు 2020-21ది, ఏడాది పూర్తికాకముందే ఇచ్చే మధ్యంతర డివిడెండ్. రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడేసరికి నీకు 15.15 తేలింది, మరుసటి ఏడాది 11 మాత్రమే పడింది. అంతే, నీకు టెన్షన్ మొదలైంది!

ఏ ఏడాది లాభం మీద ఇచ్చిందో దాని ప్రకారం సర్దితే 2019-20 నుంచి వరుసగా 10.15, 10.75, 11.50, 15.50, 13.75, 14.35 వస్తాయి. ఆ 15.50లో 2.75 మామూలుదానికి అదనంగా ఇచ్చిన ప్రత్యేక డివిడెండ్. దాన్ని పక్కన పెడితే 12.75. ఇప్పుడు చూడు, ఒక్క ఏడాదీ తగ్గలేదు. ప్రత్యేక డివిడెండ్‌ని ఎప్పుడూ వేరే గడిలోనే ఉంచు.

ఇంకోటి, టీడీఎస్, అంటే డబ్బు మన ఖాతాలో పడకముందే కంపెనీ కోసే పన్ను. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను మన నెత్తినే పడింది. 2023 ఆగస్టులో అమ్మకు రావలసింది 5,700. అప్పట్లో ఒక కంపెనీ నుంచి ఏడాదికి 5,000 దాటితే పది శాతం కోసేవారు కాబట్టి ఖాతాలో 5,130 పడింది. నువ్వు 5,130 రాశావు. మన పేరున కోసిన పన్నులు చూపే 26ఏఎస్ పత్రం తీసి, కోసిన 570 కూడా కలుపు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10,000 అయింది. దాంతో ఖాతాలో ఎక్కువ పడితే డివిడెండ్ పెరిగిందని మళ్ళీ పొరబడకు.

ఇక పెట్టుబడి మీద రాబడి. అమ్మ 2013లో 300 చొప్పున 400 షేర్లు కొంది, అంటే 1,20,000. 2016లో రెండింటికి ఒకటి బోనస్ రావడంతో అవి 600 అయ్యాయి. నువ్వు 14.35ని 300తో భాగించి 4.8 శాతం అన్నావు. షేరు ధర జోలికి పోకు, మొత్తం డబ్బుతో భాగించు. 600 షేర్లకు 8,610, అంటే దాదాపు 7.2 శాతం.

ఆ 7.2 చూసి మురిసిపోకు కూడా. షేరు 400 ఉందనుకుంటే, ఇవాళ్టి విలువ మీద వచ్చేది 3.6 శాతమే. అమ్మాలా వద్దా అన్నదానికి చూడాల్సింది ఈ రెండో అంకెనే. మొదటిది అమ్మ అప్పుడు ఎంతకు కొందో చెబుతుంది, అంతే.

హోటళ్ల వ్యాపారం విడిపోయినప్పుడు వచ్చిన 60 షేర్ల సంగతి నేను వచ్చాక చూద్దాం. అసలు ధరలో కొంత వాటికి పంచాలి. అప్పటిదాకా అమ్మకు ఏమీ చెప్పకు.

మీ మామయ్య