కలపవలసింది గంటలను కాదు, గంటకు నిండే నీటిని

ప్రశ్న: ఒక కుళాయి ట్యాంకును 4 గంటల్లో, ఇంకొకటి 6 గంటల్లో నింపుతాయి. రెండూ ఒకేసారి తిప్పితే ఎంతసేపు పడుతుంది? మా అబ్బాయి సగటు తీసి 5 గంటలు అంటున్నాడు, పుస్తకంలో మాత్రం 2.4 అని ఉంది. ఎందుకు?

జవాబు: మొదటి కుళాయి ఒక్కటే 4 గంటల్లో నింపగలిగినప్పుడు, దానికి తోడుగా మరొకటి పోస్తుంటే 5 గంటలు పట్టడం అసాధ్యమని ముందుగా అబ్బాయికి చూపించండి. రెండూ మొదటిదానంత వేగంగా పోస్తే 2 గంటలు, రెండూ రెండవదానంత నెమ్మదిగా పోస్తే 3 గంటలు పడుతుంది కనుక, జవాబు ఈ రెండింటి మధ్యనే ఉండాలి. మా అమ్మాయికి ఈ లెక్క చెప్పినప్పుడు నేను సూత్రం జోలికి పోకుండా, మా ఇంటి 1200 లీటర్ల ట్యాంకునే ఉదాహరణగా తీసుకున్నాను. 4 గంటల్లో నింపే కుళాయి గంటకు 300 లీటర్లు, 6 గంటల్లో నింపేది గంటకు 200 లీటర్లు పోస్తాయి. రెండూ కలిసి గంటకు 500 లీటర్లు. 1200ను 500తో భాగిస్తే 2.4 గంటలు వస్తుంది. ఆ సమయంలో మొదటిది 720, రెండవది 480 లీటర్లు పోస్తాయి. కూడితే సరిగ్గా 1200.

ట్యాంకు పరిమాణం ఏదైనా జవాబు మారదు. ట్యాంకు మొత్తాన్ని 1 అనుకుంటే గంటకు నిండే భాగం ఇలా ఉంటుంది:

1/4 + 1/6 = 3/12 + 2/12 = 5/12

గంటకు పన్నెండింట ఐదు వంతులు నిండుతున్నాయి కనుక మొత్తానికి 12/5 గంటలు కావాలి. ఇక్కడ మా అమ్మాయి చేసిన పొరపాటు మీవాడూ చేయవచ్చు: 2.4 గంటలంటే 2 గంటల 40 నిమిషాలు కాదు. 0.4ను 60తో హెచ్చవేస్తే 24 వస్తుంది కనుక 2 గంటల 24 నిమిషాలు.

అయితే మా పెరట్లో ఈ లెక్కను పరీక్షించబోయి నేనే కంగుతిన్నాను. 20 లీటర్ల బకెట్టును ఒక కుళాయి 4 నిమిషాల్లో, మరొకటి 6 నిమిషాల్లో నింపాయి. అంటే గంటకు 300, 200 లీటర్లే. కానీ రెండూ ఒకేసారి తిప్పి కొలిస్తే 5 నిమిషాలు, 8 నిమిషాలు పట్టాయి. రెండింటికీ నీరు ఒకే సన్నని పైపు నుంచి వస్తున్నందువల్ల, ఒకటి తెరవగానే రెండవదాని ధార తగ్గుతోంది. అప్పుడు వేగాలు గంటకు 240, 150 లీటర్లు. మొత్తం 390 మాత్రమే కనుక ట్యాంకు నిండడానికి దాదాపు 3 గంటల 5 నిమిషాలు కావాలి. వేగాలను కూడే పద్ధతిలో తప్పేమీ లేదు. విడివిడిగా కొలిచిన వేగాలు, కలిసి పారేటప్పుడు అలాగే నిలవలేదు. పుస్తకంలోని లెక్క మాత్రం ఒక కుళాయి ప్రభావం మరొకదానిపై పడదని చెప్పకుండానే అనుకుంటుంది.