తరుగుదల వేరు, విలువ క్షీణత వేరు

సందేహం: మా సహకార సంఘం బియ్యం మిల్లు వార్షిక నివేదికను తెలుగు చేస్తున్నాను. ‘ఇంపెయిర్‌మెంట్ లాస్’ను తరుగుదల అనవచ్చా? ‘క్యారీయింగ్ వాల్యూ’కు ‘మోసే విలువ’ అని కనిపించింది. సరైనదేనా?

సమాధానం: రెండూ కుదరవు. తరుగు అంటే ముందే అనుకున్న లోటు. నగ చేయించేటప్పుడు కంసాలి తరుగు ఇంత అని ముందే చెబుతాడు. యంత్రం తరుగుదలా అంతే, ఏటా ఇంత అని లెక్క కట్టి రాస్తాం. ఇంపెయిర్‌మెంట్ అలా కాదు. కొత్త రకం యంత్రం రావడమో, ధాన్యం రాక తగ్గడమో జరిగి, పుస్తకంలో ఉన్నంత విలువ ఇక యంత్రానికి లేదని తేలినప్పుడు రాసేది. దీన్ని నేను ‘విలువ క్షీణత నష్టం’ అంటాను. క్షీణించడమూ నెమ్మదిగా జరిగేదే కదా అంటే, నిజమే. కానీ ‘పతనం’ అంటే షేర్ల వార్తలా ఉంటుంది. ‘మోసే విలువ’లో మోత తప్ప అర్థం లేదు. వాడుకలో ఉన్న ‘పుస్తక విలువ’ చాలు.

అసలు చిక్కు ‘రికవరబుల్ అమౌంట్’తో. ‘వసూలయ్యే మొత్తం’ అంటే బాకీ గుర్తొస్తుంది. ‘రాబట్టుకోగల మొత్తం’ అనండి. రాబట్టుకునే దారులు రెండు: అమ్మడం, వాడుకోవడం. మీ మిల్లు యంత్రం 20 లక్షలకు కొన్నది, ఆయుష్షు 10 ఏళ్లు అనుకుందాం. నాలుగేళ్ల తరుగుదల 8 లక్షలు పోగా పుస్తక విలువ 12 లక్షలు. అమ్మితే ఏడున్నర లక్షలొస్తాయి, విప్పి పంపే ఖర్చు అర లక్ష పోతే మిగిలేది 7. వాడుకుంటే రాబోయే ఆదాయానికి నేటి విలువ 9 లక్షలు. రెండింటిలో ఎక్కువైనదే రాబట్టుకోగల మొత్తం, అంటే 9. పుస్తక విలువ 12లోంచి ఈ 9 తీసేస్తే నష్టం 3 లక్షలు. అనువాదంలో ‘ఏది ఎక్కువైతే అది’ అన్న మాట జారిపోతే చదివేవాడు 7 తీసుకుని నష్టాన్ని 5 లక్షలు చేస్తాడు.

చిట్టా పద్దు ఇలా రాయండి:

విలువ క్షీణత నష్టం ఖాతా డె. 3,00,000
సంచిత విలువ క్షీణత ఖాతాకు 3,00,000

ఇంగ్లీషు పద్దులో ‘టు’ చేసే పనిని మనకు ‘కు’ విభక్తి చేస్తుంది. రెండో వరుసలో దాన్ని వదలకండి. ఆ నష్టం లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది. యంత్రం విలువను అంతకుముందు పెంచి రాసి, ఆ మిగులు ఉంటే మాత్రం నష్టాన్ని ముందు అందులోంచే తీయాలి.

మరుసటి ఏడు తరుగుదల దగ్గర ఈ రెండు మాటల తేడా మళ్లీ పనికొస్తుంది. ఇక లెక్క 9 లక్షల మీద, మిగిలిన ఆరేళ్లకు. అంటే ఏటా 2 లక్షలు కాదు, లక్షన్నర. రెంటికీ ఒకే పేరు పెడితే, విలువ పడిపోయాక తరుగుదల ఎలా తగ్గిందని సర్వసభ్య సమావేశంలో ఎవరైనా అడుగుతారు.