సెడ్ తర్వాత ప్రెజెంట్ టెన్స్ రాయొచ్చా?

"మా అబ్బాయి 'ది టీచర్ సెడ్ దట్ వాటర్ బాయిల్స్ ఎట్ 100 డిగ్రీస్' అని రాస్తే, బాయిల్డ్ ఉండాలని మార్కు తీసేశారు. ఏది కరెక్ట్ అండీ?"

మీ అబ్బాయి రాసింది కరెక్టేనండీ. ఎప్పటికీ నిజమైన విషయం కాబట్టి బాయిల్స్ అలాగే ఉంచొచ్చు. బాయిల్డ్ అన్నా తప్పు కాదు, కానీ దాని కోసం మార్కు తీయడం మాత్రం అన్యాయం.

అసలు తికమక మామూలు మాటల దగ్గర వస్తుంది. నిన్న ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒకతను "ఐ లివ్ ఇన్ గాజువాక" అన్నాడనుకోండి. ఇవాళ మీరు 'హి సెడ్ హి లివ్స్ ఇన్ గాజువాక' అంటే, అతను ఇంకా అక్కడే ఉంటున్నాడని మీరూ ఒప్పుకుంటున్నట్టు. 'లివ్డ్' అంటే అతని మాటను చేరవేశారంతే, నిజమో కాదో మీ బాధ్యత కాదు. అతను మధురవాడకి మారిపోయాడని తెలిస్తే మాత్రం 'లివ్డ్' అనే రాయాలి.

మాట తప్పని తేలినా అంతే. పాతకాలపు ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడన్నాడు. అక్కడ 'టాలెమీ సెడ్ దట్ ది సన్ మూవ్డ్ రౌండ్ ది ఎర్త్' అనాలి. 'మూవ్స్' అని రాస్తే మీరూ అదే నమ్ముతున్నట్టు వినిపిస్తుంది.