పది అంకెల నంబరుకు బ్యాంకు పేరు పెడితే అది బ్యాంకు అవుతుందా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. పాన్ అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆగిపోతుందని గత నెల 12న సాయంత్రం ఒక పది అంకెల నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. టెన్షన్‌లో లింకు నొక్కి వివరాలు, ఓటీపీ ఇచ్చేశాను. 7.12కు రూ.49,000 పోయాయి. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి చెబితే 7.46కు కంప్లైంట్ నంబరు మెసేజ్ వచ్చింది. 8.05కు ఇంకో రూ.47,000 పోయాయి. మర్నాడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేశాను. చెల్లి పెళ్లికి దాచిన డబ్బు సార్, ఇంట్లో చెప్పలేక నిద్ర పట్టడం లేదు. ఓటీపీ మీరే ఇచ్చారు, మాకు బాధ్యత లేదని బ్యాంకు ఉత్తరం రాసింది. డెబిట్ మెసేజ్‌ల మీద VM అని, కంప్లైంట్ మెసేజ్ మీద JX అని ఉంది. ఒకటి నకిలీదేమో? ఆ పది అంకెల నంబరును బ్యాంకు పేరుతో సేవ్ చేసి స్క్రీన్‌షాట్ తీస్తే బ్యాంకే పంపినట్టు ఉంటుంది, దాంతో కేసు వేయమని మా బావ అంటున్నాడు. వేయవచ్చా?

జవాబు: మీ కేసంతా 7.46కూ 8.05కూ మధ్య ఉన్న పందొమ్మిది నిమిషాల్లో ఉంది. మీరేమో దాన్ని ఒక్క ముక్కలో చెప్పేసి, దొంగ పంపిన మెసేజ్ చుట్టూ తిరుగుతున్నారు.

ముందు మీ బావగారి సలహా సంగతి. ఆ పని చేయకండి. చేసి ఉంటే ఆ పేరు వెంటనే తీసేయండి, ఆ స్క్రీన్‌షాట్ ఎవరికీ ఇవ్వకండి. కాంటాక్ట్‌లో పేరు మీరు పెట్టుకున్నది. దాని మీద వేలు పెడితే కింద పది అంకెలు బయటపడతాయి. అవతలి లాయరు చేసే మొదటి పని అదే. కోర్టును నమ్మించడానికి దొంగ సాక్ష్యం తయారుచేయడం భారతీయ న్యాయ సంహిత 228, 229 సెక్షన్ల కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. డబ్బు పోగొట్టుకున్న మనిషి ముద్దాయిగా నిలబడాల్సి వస్తుంది. పైగా ఆ మెసేజ్ బ్యాంకు పంపలేదన్నదే నిజం. దానితో బ్యాంకు మీద గెలవలేరు.

ఇక VM, JX గొడవ. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ మీద కనిపించేది ఫోన్ నంబరు కాదు, హెడర్. బ్యాంకు తన పేరుతో టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేయించుకున్న గుర్తు అది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల కింద ఈ నమోదు జరుగుతుంది. మీ బ్యాంకు హెడర్ ABCBNK అనుకుందాం. డెబిట్ మెసేజ్ `VM-ABCBNK-T` అని, కంప్లైంట్ మెసేజ్ `JX-ABCBNK-S` అని ఉండొచ్చు. మొదటి అక్షరం మెసేజ్ మోసుకొచ్చిన కంపెనీది: V అంటే వొడాఫోన్ ఐడియా, J అంటే జియో, A అంటే ఎయిర్‌టెల్, B అంటే బీఎస్ఎన్ఎల్. రెండోది ఆ కంపెనీ సర్కిల్: M ముంబై, X కర్ణాటక. మీరు బెంగళూరులో ఉన్నారని మెసేజ్ X తోనే రావాలని లేదు. చివరి అక్షరం మెసేజ్ రకం చెబుతుంది, P ఉంటే ప్రకటన. చూడాల్సింది మధ్య ఆరు అక్షరాలు. రెండింటిలో అవి ఒకటే అయితే, ముందు అక్షరాలు వేరుగా ఉన్నాయని ఏదో నకిలీ అనుకోనక్కర్లేదు. ఆ ఆరక్షరాలు ఎవరి పేరున ఉన్నాయో ట్రాయ్ హెడర్ పోర్టల్ `smsheader.trai.gov.in`లో వెతకవచ్చు.

పది అంకెల నంబరుకు ఈ నమోదు ఏదీ ఉండదు. ఎవరో ఒకరు తీసుకున్న మామూలు సిమ్ అది. యూపీఐ మొదలుపెట్టేటప్పుడు మీ ఫోన్ ఒక పొడుగు నంబరుకు మెసేజ్ పంపడం, బ్యాలెన్స్ కోసం మీరు మిస్డ్ కాల్ ఇవ్వడం, వాటి సంగతి వేరు. అక్కడ మీరు పంపుతున్నారు. మీకు వచ్చే ఓటీపీ, డెబిట్ మెసేజ్ హెడర్ మీదే వస్తాయి. అది చూడకుండా లింకు నొక్కడం మీ అజాగ్రత్తే, దాచి లాభం లేదు.

అజాగ్రత్త అని ఒప్పుకుంటే కేసు పోయినట్టేనా? సగమే పోయింది. ఆర్‌బీఐ 2017 జులై 6న ఇచ్చిన నిబంధనలు దీన్ని రెండుగా చీల్చాయి. ఖాతాదారు తన వివరాలు తానే ఇచ్చి నష్టపోతే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం అతనిది. చెప్పిన తర్వాత జరిగిన నష్టం బ్యాంకుది. బ్యాంకు ఉత్తరం మొదటి వాక్యాన్ని వాడుకుని రెండోదాన్ని మింగేసింది. రూ.49,000 బ్యాంకు నుంచి వస్తుందని నేను ఆశ పెట్టను. పోలీసులు ఎక్కడైనా ఫ్రీజ్ చేయించి ఉంటే అందులోంచి ఇప్పించమని అడగాలి. రూ.47,000 మాత్రం బ్యాంకును గట్టిగా అడగవచ్చు. మీ బాధ్యత ఎంతో నిరూపించాల్సిన భారం కూడా ఆ నిబంధనల ప్రకారం బ్యాంకు మీదే ఉంది.

ఇక్కడ బ్యాంకు ఒక మాట అనవచ్చు: లావాదేవీ 7.46కు ముందే జరిగింది, మెసేజ్ ఆలస్యంగా వెళ్లింది అని. మెసేజ్ మీ ఫోన్‌కు చేరిన టైము ఒకటి, డబ్బు కదిలిన టైము ఇంకొకటి. కాబట్టి 8.05 మెసేజ్ తెరిచి లోపల రాసిన టైము, రిఫరెన్స్ నంబరు చూడండి. అలాగే 7.46 తర్వాత మీరు మళ్లీ ఏదైనా ఓటీపీ ఇచ్చారా? ఇచ్చి ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మొత్తం కేసు బలహీనపడుతుంది.

బ్యాంకు హెడర్‌ను దొంగలు అనుకరించిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే మీ ఫోన్‌లోని మెసేజ్ ఒక్కటే సరిపోదు, బ్యాంకు రికార్డుతో కలవాలి. ఈ వారమే బ్యాంకు నోడల్ ఆఫీసరుకు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. కంప్లైంట్ నంబరు వేసి, ఆ రోజు మీ కాల్ రికార్డింగు, పంపిన మెసేజ్‌ల లాగ్, 8.05 లావాదేవీ సర్వర్ టైము భద్రపరిచి కాపీ ఇవ్వమనండి. కాల్ రికార్డింగులు ఎల్లకాలం ఉంచరు. కాబట్టి వచ్చే నెలకు వాయిదా వేయకండి.

వైరస్ ఉందని ఎవరో చెబితే ఫోన్ ఫార్మాట్ చేయకండి, అమ్మకండి. దొంగ మెసేజ్ కూడా ఉంచండి, పోలీసులకు ఆ నంబరే కావాలి. మెసేజ్‌లను కోర్టులో పెట్టాలంటే, అవి ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. ఫోనే లేకపోతే ఆ సర్టిఫికెట్ దేని మీద రాస్తాం? 1930కి చెప్పినప్పుడు వచ్చిన నంబరు ఉంది కదా, దాన్ని పట్టుకుని మీ ప్రాంత సైబర్ క్రైమ్ పోలీసు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ సంగతి కనుక్కోండి.

బ్యాంకు రాతపూర్వకంగా తిరస్కరించింది కాబట్టి బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంది. `cms.rbi.org.in`లో మీరే పెట్టాలి, అక్కడ లాయరు ద్వారా ఫిర్యాదు తీసుకోరు. ఫీజు కూడా లేదు. ఫిర్యాదులో చెల్లి పెళ్లి గురించి రాయకండి. రెండు టైములు, రెండు హెడర్లు, ఒక కంప్లైంట్ నంబరు, రూ.47,000. అంతే రాయండి. వినియోగదారుల కమిషన్‌లో ముందే కేసు వేస్తే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోడు. అందుకే ముందు అక్కడ, తర్వాత ఇక్కడ. కమిషన్‌కు రెండేళ్ల గడువు. ఆ గడువు గత నెల 12 నుంచే నడుస్తున్నట్టు లెక్కపెట్టుకోండి. బ్యాంకుతో ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నంత మాత్రాన గడువు ఆగదు. మీరు ఉంటున్నది బెంగళూరు కాబట్టి ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, మదనపల్లె పరుగెత్తనక్కర్లేదు.