ట్రామాలోకి వెళ్లకుండా ఎందుకు ఆగేమో కేస్ సమ్మరీలో ఎలా రాయాలి

ప్రశ్న: మేడం, విజయనగరంలో ప్లేస్‌మెంట్ చేస్తున్నాను. కాంప్లెక్స్ పీటీఎస్‌డీ కేస్ సమ్మరీ రాసిస్తే మా సూపర్వైజర్ గారు "తొమ్మిది సెషన్లయ్యేయి, ట్రామా మీద పని ఎందుకు మొదలవలేదో ఇందులో లేదు" అని తిప్పి పంపేరు. స్టెబిలైజేషన్, అంటే ముందు మనిషి నిలదొక్కుకునే దశ, నడుస్తోంది అని రాస్తే చాలదా?

చాలదండీ. నాదీ ఒకసారి ఇలాగే తిరిగొచ్చింది. నేను "క్లయింట్ ఇంకా సిద్ధంగా లేదు" అని రాసేను, పెద్దాయన దాని కింద ఎర్రపెన్నుతో గీత గీసి "నీకెలా తెలుసు?" అని రాసేరు. ఆ ప్రశ్నకి జవాబు కాగితం మీద కనిపించాలి, అంతే. నేను చూసిన ఒక కేసు చెప్తాను, మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు చాలా మార్చేను.

ముప్పై దాటిన ఆవిడ, పలాసలో జీడి పరిశ్రమలో పప్పు ఒలిచే పని. చిన్నప్పుడు అమ్మానాన్నలు వలస వెళ్లిపోతే బంధువులింట్లో ఉంచేరు, అక్కడ ఏళ్లతరబడి దెబ్బలు, ఇంకా చెప్పుకోలేనివి జరిగేయి. పెళ్లయ్యేక భర్త తాగొచ్చి కొట్టడం. ఐసీడీ-11 ప్రకారం చూస్తే పీటీఎస్‌డీ లక్షణాలు మూడూ ఉన్నాయి, అంటే జరిగింది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అవడం, తప్పించుకు తిరగడం, ఎప్పుడూ ప్రమాదం ఉన్నట్టే ఉండడం. వాటితోపాటు కోపం, ఏడుపు అదుపులో లేకపోవడం, తను పనికిరానిదాన్నని గట్టిగా నమ్మడం, ఎవరితోనూ దగ్గరగా ఉండలేకపోవడం కూడా ఉన్నాయి, ఈ రెండో మూడూ తోడైతేనే కాంప్లెక్స్ అంటాం. ఈ లక్షణాల్ని కొలిచే 18 ప్రశ్నల ఐటీక్యూ ఫారం నేనే చదివి వినిపించి నింపేను. సమ్మరీలో ఇదంతా నాలుగు లైన్లు చాలు, చాలామంది ఇక్కడే రెండు పేజీలు రాసేసి అసలు చోట ఒక్క లైను రాస్తారు.

అసలు చోటు మూడో సెషన్. ఆవిడే ఎనిమిదేళ్లప్పటి సంగతి ఎత్తింది, చెప్తోంది కదా అని నేను "తర్వాత ఏమైంది" అని అడిగేను. తప్పు నాదే. మాట ఆగిపోయింది, కళ్లు ఫేన్ మీద నిలబడిపోయేయి, చెయ్యి ముట్టుకుంటే మంచులా ఉంది, పేరు పెట్టి పిలిచినా పలకలేదు. పది నిమిషాలు పట్టింది తిరిగి రావడానికి. వచ్చేక మొదట అడిగింది "టైమెంతయినాదమ్మా, రైలెల్లిపోనాదా?" అని. ఆ తర్వాత మూడు రోజులు పనికెళ్లలేదు, పిల్లని ఎప్పుడూ లేనంత గట్టిగా కొట్టేసి తనే రాత్రంతా ఏడ్చింది.

ఇది కాగితం మీద ఎలా పెట్టేనంటే: "జ్ఞాపకం తాకగానే డిసోసియేషన్, సుమారు 10 నిమిషాలు, బయట నుంచి పిలిస్తే స్పందన లేదు. తర్వాత మూడు రోజుల పని నష్టం, పిల్లకి ప్రమాదం. ఈ స్థితిలో ప్రాసెసింగ్ చేస్తే జ్ఞాపకాన్ని కొత్తగా అర్థం చేసుకోవడానికి మనిషి ఆ గదిలో ఉండదు, పాత అనుభవమే మళ్లీ జరుగుతుంది." చూడండి, "సిద్ధంగా లేదు" అనే మాటే లేదు, కానీ ఎందుకు ఆగేమో ఎవరు చదివినా తెలుస్తుంది.

రెండో కారణం శనివారం. అది ఆవిడకి కూలి చేతికొచ్చే రోజు, భర్త తాగొచ్చేదీ ఆ రోజే. ఆవిడ ఒళ్లు వారమంతా బిగుసుకునే ఉంటుంది, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. మంగళవారం పక్కింటి తలుపు చప్పుడుకి ఉలిక్కిపడితే అది లక్షణం. శనివారం రాత్రి ఉలిక్కిపడితే అది నిజం, ఆ భయమే ఆవిడని కాపాడుతోంది. ఆ భయాన్ని మనం ప్రాసెసింగ్‌తో తగ్గించేస్తే ఆవిడ దెబ్బకి ముందు లేచి బయటికి వెళ్లడం మానెయ్యొచ్చు. ఈ రెండిటినీ సమ్మరీలో విడివిడిగా రాయండి, లేకపోతే స్కోరు చూసి అంతా లక్షణమే అనుకుంటారు. కేసు పెట్టడానికి ఆవిడ ఒప్పుకోలేదు, 2005 గృహహింస చట్టం గురించి, 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి చెప్పేను, చెప్పినట్టూ వద్దన్నట్టూ రాసేను. మేం చేయగలిగింది శనివారం సాయంత్రానికల్లా పిల్లని తీసుకుని పిన్ని ఇంటికి వెళ్లిపోవడం, ఆధార్, బేంకు పుస్తకం ముందే అక్కడ పెట్టడం. స్టెబిలైజేషన్ జరిగే మొదటి ఫేజ్ అంటే శ్వాస ఎక్సర్‌సైజులని చాలామంది అనుకుంటారు గానీ ఈ కేసులో దానికంటే పిన్ని ఇల్లే ముఖ్యం.

డిసోసియేషన్‌కి ముందు అందరూ నేర్పించేదే, చుట్టూ కనిపించేవి అయిదు, తాకేవి నాలుగు అని లెక్కపెట్టించడం, ప్రయత్నించేను. పనిచెయ్యలేదు, బడిలో లెక్కలు తప్పితే కొట్టినట్టుంది అంది. ఆవిడ నా దగ్గరికి పలాస నుంచి పేసింజర్‌లో వచ్చేది కదా, ఒకరోజు దారిలో స్టేషన్లు చెప్పమన్నాను. పాదాలు చల్లటి గచ్చుమీద నొక్కిపెట్టి "పూండి, నౌపడ, కోటబొమ్మాళి" అంటూ మొదలెట్టింది, తిలారు, ఉర్లాం దాటేసరికి మొహంలో రక్తం వచ్చింది. చిన్నప్పుడు ఆవిడ ఎప్పుడూ ఈ రైలెక్కలేదు, టిక్కెట్టు తనే కొనుక్కుని వచ్చే పెద్దమనిషి ప్రయాణం అది, అందుకే పనిచేసిందని నా నమ్మకం. ప్రతి సెషన్‌లో తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకున్నాను: పది నిమిషాలది ఆరో సెషన్‌కి నాలుగు, పదోదానికి ఒకటి లోపు. సూపర్వైజర్ కళ్లు ఆగేది ఆ అంకెల దగ్గరే. ఊళ్లో ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు అప్పటికే ఏడాదిగా వాడుతోంది, సైకియాట్రిస్ట్ గారు వాటిని కొంచెం కొంచెంగా తగ్గించి సెర్ట్రలిన్ మొదలెట్టేరు. మాత్ర మత్తులో ఉంటే సెషన్‌లో నేర్చుకున్నది నిలవదు కాబట్టి ఇదీ ఫేజ్ ఒకటిలోనే రాసేను.

ఇంకో సంగతి, దీన్ని దాచకండి. ముందు భద్రత, తర్వాత ట్రామా మీద పని, ఆఖర్న మళ్లీ జీవితంతో కలవడం అని 1992లో సైకియాట్రిస్ట్ జుడిత్ హెర్మన్ చెప్పిన మూడు దశల వరసని, 2012లో ఐఎస్‌టీఎస్‌ఎస్ అనే అంతర్జాతీయ ట్రామా సంఘం నిపుణులు సమర్థించేరు. 2016లో డి యోంగ్ తదితరులు మాత్రం, ముందు స్టెబిలైజేషన్ తప్పనిసరి అనడానికి ఆధారం చాలదు, దానివల్ల చికిత్స అనవసరంగా ఆలస్యమవుతోంది అని రాసేరు. నిజమే, మనకి భయమేసి ఆగుతూ దానికి ఫేజ్ ఒకటి అని పేరు పెట్టుకోవడం నేను నాలోనే చూసేను. అందుకే రోగనిర్ధారణని బట్టి ఆగేను అని రాయకూడదు, ఈ మనిషిలో చూసినదాన్ని బట్టి ఆగేను అని రాయాలి, ఎప్పుడు ఆగడం ఆపేస్తానో కూడా ముందే రాయాలి.

నేను రాసిన గుర్తులు నాలుగే. వరసగా నాలుగు శనివారాలు పిన్ని ఇంట్లో సురక్షితంగా గడవాలి, రెండు నిమిషాల్లోపు తనంతట తను తిరిగి రావాలి, కష్టమైన సెషన్ మర్నాడు పనికి వెళ్లాలి, పిల్ల మీద చెయ్యి చేసుకోకూడదు. పీడకలలు పోవాలని పెట్టలేదు, ఏడవకూడదనీ పెట్టలేదు, ఎందుకంటే అవి తగ్గాల్సింది ప్రాసెసింగ్ వల్లే, అవి తగ్గేదాకా ఆగుతాం అంటే ఎప్పటికీ మొదలవదు. పన్నెండో సెషన్‌కి రివ్యూ అని తేదీ వేసేను, ఆలోపు గుర్తులు రాకపోతే ప్లాన్ మార్చాలి గానీ అదే మళ్లీ పొడిగించకూడదని కింద రాసేను.

పన్నెండోదానికి మూడు కుదిరేయి, శనివారాలు మూడే అయ్యేయి, ఒక వారం ఆగేం. పదమూడో సెషన్‌లో ఆవిడే ఆ ఇంటి పెరటి తలుపు గురించి ఒక్క వాక్యం చెప్పి తనే ఆగి పాదాలు గచ్చుకి నొక్కుకుంది. పూండి, నౌపడ అని రెండు స్టేషన్ల దగ్గరే ఆపేసి నావైపు చూసి "నాను ఇక్కడే ఉన్నానమ్మా, సెప్పనా?" అంది. ఫేజ్ రెండు మొదలు అని ఆ రోజు తేదీ వేసి, కారణం దగ్గర ఆవిడ మాటలే ఉన్నవి ఉన్నట్టు రాసేను.