నెక్లెస్ ఆర్డర్ పెట్టే ముందు

పాపా,

నువ్వు పంపిన నెక్లెస్ ఫొటో చూశాను. బాగుంది. పెళ్లికి ఇంకా నెల ఉంది కాబట్టి ఆన్‌లైన్‌లో కొన్నా ఇబ్బంది లేదు. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో ముప్పై ఏళ్లు లెక్కలు రాసినవాణ్ని కాబట్టి, డబ్బు కట్టే ముందు నువ్వు చూడాల్సినవి చెప్తాను.

ముందు బరువు చూడు. పేజీ పైన పెద్ద అక్షరాల్లో 24.6 గ్రాములు అని ఉంది. కిందికి జరిపి వివరాలు తెరిస్తే రాళ్ల బరువు 5.2 గ్రాములు అని రాశారు. అంటే బంగారం 19.4 గ్రాములే. గ్రాము పది వేలు అనుకో, లెక్కకు సులువుగా ఉంటుంది. బంగారం ఖరీదు లక్షా తొంభై నాలుగు వేలు. మొత్తం బరువు మీద రేటు కట్టి ఉంటే ఎర్ర రాళ్లకు కూడా బంగారం ధర పెట్టి యాభై రెండు వేలు ఎక్కువ ఇచ్చినట్టే. అందుకే నికర బరువు, ఆ రోజు రేటు, మజూరీ, రాళ్ల ఖరీదు విడివిడిగా చూపించమని అడుగు. చూపించకపోతే కొనొద్దు. పేరులో ఎక్కడైనా ‘ప్లేటెడ్’, ‘గోల్డ్ టోన్’ అన్న మాటలు ఉంటే అది పూత నగ, ఎంత మెరిసినా సరే.

తర్వాత అమ్మేవాళ్లెవరో చూడు. వెబ్‌సైట్ పేరు వేరు, దాని మీద అమ్మే అంగడి పేరు వేరు. చిన్న అక్షరాల్లో ఉండే ఆ పేరు మీద నొక్కితే చిరునామా, ఫిర్యాదులు తీసుకునే అధికారి వివరాలు కనిపించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అవి పెట్టి తీరాలి. రివ్యూల్లో అయిదు నక్షత్రాలవి వదిలేసి, రెండు, మూడు నక్షత్రాలవి చదువు. బరువు తక్కువ వచ్చిందని, డబ్బు వెనక్కి రాలేదని ఇద్దరు ముగ్గురు రాసి ఉంటే పక్కన పెట్టేయ్.

ఇప్పుడు హాల్‌మార్క్. నగ మీద బీఐఎస్ గుర్తు, 22K916 అన్న ముద్ర, ఒక్కో నగకు వేరుగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ కోడ్ లేని హాల్‌మార్క్ నగలు అంగళ్లలో అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు పనికి మాత్రం మినహాయింపు ఉంది. నీ నెక్లెస్ కుందన్ పని అని చెబితే ఈ రక్షణ నీకు ఉండదు, అది గుర్తుపెట్టుకో. కోడ్‌ను ఫోన్‌లో BIS Care యాప్ తెరిచి Verify HUID లో కొట్టు. నగ రకం, స్వచ్ఛత, పరీక్షించిన కేంద్రం వస్తాయి.

మీ అక్కకు గొలుసు కొన్నప్పుడు నేను ఇలాగే కొట్టి చూస్తే ఉంగరం అని వచ్చింది. ఇంకో నగ కోడ్ దీని మీద వేశారన్నమాట. ఆ రోజు ఒంట్లో వణుకు పుట్టింది. అయినా డబ్బు పోలేదు. కొరియర్ లేబుల్ నుంచి కవర్ చింపి గొలుసు బయటికి తీసే దాకా ఆపకుండా వీడియో తీశాను, ట్యాగ్ తెంపలేదు. అవి రెండూ లేకుంటే వాళ్లు ఒప్పుకునేవాళ్లే కాదు. ఒక్క మాట, యాప్‌లో వచ్చే జువెలర్ పేరు, అమ్మినవాళ్ల పేరు వేరైనా కంగారు పడకు. తయారుచేసినవాళ్లే హాల్‌మార్క్ వేయించడం మామూలే. నగ రకమో స్వచ్ఛతో తేడా వస్తే మాత్రం వెంటనే వెనక్కి పంపాలి.

వెనక్కి పంపే షరతులు ఆర్డర్‌కు ముందే చదువు. ‘ఎక్స్‌ఛేంజ్’ అని రాసి ఉంటే డబ్బు చేతికి రాదు, ఇంకో నగ తీసుకోవాలి. దాంట్లో మజూరీ, రాళ్ల ఖరీదు కోసేస్తారు. ‘రిటర్న్’ అయితే డబ్బు పూర్తిగా వస్తుందా, షిప్పింగ్ ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో పంపాలి, చూసుకో. ఆ రోజులు నీ చేతికి అందినప్పటి నుంచి లెక్క, పెళ్లిరోజు తొడుక్కున్నప్పటి నుంచి కాదు. కొలత చెప్పి చేయించుకున్నవి చాలామంది వెనక్కి తీసుకోరు.

వచ్చిన రోజే మీ అనంతపురంలో తెలిసిన అంగట్లో తూకం వేయించు. యాప్ చెప్పినదాన్ని బట్టి బరువు సరిపోయిందని అనుకోకు. బిల్లులో నికర బరువు, క్యారెట్, హాల్‌మార్క్ ఛార్జీ ఉండాలి. తేడా ఉంటే అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా పంపు. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి.

ఈరోజే ఆ పేజీ మొత్తం, కింది దాకా, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో. రేపు వాళ్లు మార్చేసినా నీ దగ్గర ఉంటుంది. నాకూ వాట్సాప్‌లో పంపు, ఆ మజూరీ లెక్క కూడా చూస్తాను.

మీ పెద్దనాయన