చర్న్ మోడల్ కవర్ నోట్‌లో ఏ స్కోరు చూపాలి?

"ర్యాండమ్ స్ప్లిట్‌లో ఏయూసీ 0.91, తేదీల వారీగా విడగొడితే 0.78. కవర్ నోట్‌లో ఏది రాయాలి?"

రెండూ రాయండి, 0.78 ముందు. మోడల్‌ని వాడేది రాబోయే నెలల మీద కదా. తేడాకి కారణం కూడా ఒక వాక్యంలో చెప్పండి. ఒకే కస్టమర్ వేర్వేరు నెలల వరుసలు ట్రెయిన్‌లోనూ టెస్ట్‌లోనూ పడితే మోడల్ మనిషినే గుర్తుపట్టేస్తుంది. తేల్చుకోవడానికి `customer_id` గ్రూపుగా `GroupKFold` నడపండి. స్కోరు 0.78 దగ్గరికి పడిపోతే అనుమానం లీకేజీ మీదే. పెద్దగా పడకపోతే కాలంతో డేటా మారి ఉండొచ్చు.

నోట్‌లో మోడల్ పరిమితుల దగ్గర "డేటా తక్కువ" అని రాస్తే రివ్యూయర్‌కి ఒరిగేదేమీ లేదు. "చేరి 3 నెలలు నిండనివాళ్లలో రీకాల్ బాగా తక్కువ, వాళ్లకి వాడకం చరిత్ర లేదు" అని అంకెతో సహా రాయండి. తర్వాతి పని దానికే ముడిపడాలి: వాళ్లకి సైన్అప్ వివరాలతో విడి మోడల్. ట్యూనింగ్ చిట్టా నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి.